ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు ఇంజెక్టర్ దాకా ఎలా వెళ్తాయి?

డీజిల్ బండి డాష్‌బోర్డు మీద ఫిల్టర్ బొమ్మ, దాని కింద నీటి చుక్కలు ఉన్న పసుపు లైటు ఒకటుంటుంది. తాళం తిప్పగానే మిగతా లైట్లతో పాటు ఇదీ రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. చాలామంది దాన్ని మళ్లీ చూడరు. ఎప్పుడో ఒక వానాకాలం సాయంత్రం అది వెలిగి ఆరకుండా ఉండిపోతే, సర్వీసు దగ్గరపడిందని చెప్పే లైటేమో అనుకుంటారు. బండి మామూలుగానే లాగుతుంది, పొగ రాదు, శబ్దం మారదు. దాంతో వచ్చే ఆదివారం షెడ్డుకు తీసుకెళ్దాంలే అని వదిలేస్తారు. కానీ ఈ లైటు కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది కాదు. ఫిల్టర్ అడుగున నీళ్లు పట్టే చిన్న గిన్నె నిండిపోయిందని, ఆ క్షణంలో అక్కడున్న నీటి మట్టాన్ని చూసి చెబుతున్న లైటు.

దీని పనితనంలో మర్మమేమీ లేదు. నీళ్లు లీటరు కిలో బరువు తూగుతాయి, డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములే. కాబట్టి రెండూ కలిసి వచ్చినప్పుడు, కాసేపు నిలకడ దొరికితే నీళ్లు అడుక్కి దిగుతాయి. ఫిల్టర్ లోపలి పొర సన్నని నీటి తుంపరలను ఆపి, వాటిని పెద్ద బొట్లుగా కలిసేలా చేసి కిందికి జార్చుతుంది. అవి గిన్నెలో చేరతాయి. గిన్నెలో ఒక ఎత్తున రెండు లోహపు మొనలున్న సెన్సర్ ఉంటుంది. డీజిల్ గుండా కరెంటు దాదాపుగా పారదు, నీళ్ల గుండా పారుతుంది. నీటి మట్టం ఆ రెండు మొనలనూ తాకగానే వాటి మధ్య కరెంటు నడుస్తుంది, లైటు వెలుగుతుంది. కొన్ని బండ్లలో దీంతో పాటు బజర్ మోగుతుంది, మరికొన్నింటిలో ఇంజన్ కంప్యూటర్ తనంతట తనే పికప్ తగ్గిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఆ గిన్నె పరిమాణం. కార్లలో అది మహా అయితే టీ గ్లాసంత. లైటు వెలిగేసరికే అందులో చాలా భాగం నిండి ఉంటుంది. మిగిలిన కొద్ది ఖాళీ మట్టంగా ఉన్న రోడ్డు మీద సరిపోవచ్చు. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడో, స్పీడ్ బ్రేకర్ దగ్గర గట్టిగా బ్రేకు వేసినప్పుడో ఆ నీళ్లు ఒక పక్కకు ఒరిగి ఫిల్టర్ పొరను తడుపుతాయి. పొర కొత్తదైతే నీటిని తోసేస్తుంది. మార్చాల్సిన గడువు దాటి, డీజిల్‌లోని జిగురూ మడ్డీ పట్టేసినదైతే ఆ గుణం తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు నీళ్లు పొర దాటి అవతలికి, అంటే హై ప్రెషర్ పంపు వైపు వెళ్లిపోతాయి. అటు వెళ్లిన నీటిని పసిగట్టే సెన్సర్ మరొకటి లేదు. అది నేరుగా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది.

పాత డ్రైవర్లు ఈ మాట వింటే నవ్వుతారు. వాళ్ల రోజుల్లో డీజిల్‌లో నీళ్లు పడితే బండి రెండు మిస్సులు కొట్టి ఆగేది, ఫిల్టర్ విప్పి దులిపి, గాలి తీసి మళ్లీ వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. పాత లారీల ఇన్‌లైన్ పంపుల్లో కామ్ షాఫ్టు ఇంజన్ ఆయిల్‌లో తిరిగేది. ఇంజెక్టర్ కొసన ఉండే నాజిల్ తెరుచుకునే ప్రెషర్ 200 బార్ అటూ ఇటూ ఉండేది. ఆ యంత్రం మొరటుది, కాబట్టి ఓర్చుకునేది. అన్ని ఇంజెక్టర్లకూ రైల్ అనే ఒకే ఉమ్మడి గొట్టంలోంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ అందించే కామన్ రైల్ పద్ధతి వచ్చాక రెండూ మారిపోయాయి. ఇప్పటి కార్లలో ప్రెషర్ 1,600 నుంచి 2,000 బార్, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. కార్ల హై ప్రెషర్ పంపుల్లో లోపలి భాగాలను తడిపి ఉంచేది మామూలుగా డీజిలే, వేరే ఆయిల్ అంటూ ఉండదు. ఇంజెక్టర్ లోపల ఒకదాంట్లో ఒకటి జారే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఆ సందు ఎంతో తెలుస్తుంది.

ఆ సందులో లోహం లోహాన్ని తాకకుండా కాపాడేది పలుచని డీజిల్ పొర ఒక్కటే. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 మధ్య ఉండాలని మన భారతీయ ప్రమాణం చెబుతుంది, అదే కొలతలో నీటిది 0.7 కూడా ఉండదు. అంటే నీరు ఆ సందులో నిలబడదు. పైగా దానికి లోహాన్ని అంటుకునే నూనె గుణం లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. గంధకం తీసేసే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు గుణం కూడా కొంత పోతుంది, దాన్ని రసాయనాలు కలిపి తిరిగి తెస్తారు. ఇలా లెక్కగా సర్దిన ఇంధనంలోకి నీటి బొట్టు వచ్చిందంటే, అది ఉన్నంతసేపూ అక్కడ జారుడు లేనట్టే. పంపులో డీజిల్‌ను తోసే ప్లంజర్ల మీద సన్నని గీతలు పడేది అప్పుడే.

నీరు చేసే చేటు గురించి మెకానిక్‌లు ఎక్కువగా చెప్పే కథ నాజిల్ మొన పగిలిపోవడం. నాజిల్ కొస సిలిండర్ మంటలోకి చొచ్చుకుని ఉంటుంది, వంద డిగ్రీలు దాటి ఎంతో వేడెక్కి ఉంటుంది. లోపల ఉన్నంతసేపూ భారీ ప్రెషర్ వల్ల నీరు నీరుగానే ఉంటుంది. ప్రెషర్ పడిపోగానే ఒక్కసారిగా ఆవిరిగా పొంగుతుంది. ఆ దెబ్బలు మళ్లీ మళ్లీ తగిలితే రంధ్రాల అంచులు అరిగిపోతాయి, ఎక్కువ నీళ్లు ఒకేసారి వస్తే మొనే లేచిపోవచ్చు. ఇది జరుగుతుంది, కాదనలేం. కానీ ఎక్కువ బండ్లలో ఇంజెక్టర్లను తినేసేది ఇంత నాటకీయమైనది కాదు. అది మామూలు తుప్పు.

ఫిల్టర్ దాటిన నీరు పంపులో, రైల్‌లో, ఇంజెక్టర్ లోపల అక్కడక్కడా చుక్కలుగా ఆగుతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ దాన్ని ఊడ్చుకుంటూ పోతుంది. ఇంజన్ ఆపాక ఆ చుక్క ఉన్నచోటే ఉంటుంది. నునుపుగా సానబెట్టిన గట్టి ఉక్కు మీద నీళ్లు ఒక రాత్రి నిలిస్తే చాలు, ఎర్రటి మచ్చ మొదలవుతుంది. మర్నాడు స్టార్ట్ చేసినప్పుడు ఆ తుప్పు పొడి లేస్తుంది. బయటి నుంచి వచ్చే దుమ్మును ఆపడానికి ఫిల్టర్ ఉంది, ఫిల్టర్ దాటాక పుట్టిన తుప్పును ఆపడానికి ఏముంది? కొన్ని ఇంజెక్టర్ల ముఖద్వారంలో ఒక చిన్న జల్లెడ ఉంటుంది గానీ అది పెద్ద రేణువులనే ఆపుతుంది. రెండు మూడు మైక్రాన్ల సందులోకి అయిదు మైక్రాన్ల తుప్పు రేణువు వెళ్తే అది గరుకు కాగితంలా గీస్తుంది. అందుకే లైటు వెలుగుతుండగా ఎలాగోలా ఇంటికి చేరి, తర్వాత బండిని నాలుగు రోజులు పక్కన పెట్టడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. నడిపిన దూరం కంటే నిలబెట్టిన కాలం ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ నష్టం మొదట కనబడేది ఎక్కడంటే స్టార్టింగ్‌లో. ఇంజెక్టర్ లోపల పైభాగంలో ఒక చిన్న కంట్రోల్ వాల్వ్ ఉంటుంది, చాలా రకాల్లో అది ఇంత చిన్న ఉక్కు గోళీ, అది కూర్చునే ఓ పీట. ఆ పీట మీద గీత పడినా, తుప్పు తిన్నా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. రైల్‌లో చేరాల్సిన డీజిల్, మిగులును వెనక్కి పంపే రిటర్న్ పైపులోకి కారిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్‌లో చాలినంత ప్రెషర్ రాదు, ఇంజన్ అందుకోదు. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండి, వేడి మీద ఆపి తీస్తే పది సెకన్లు తిప్పించుకుంటుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పలుచబడి ఆ సందులోంచి ఇంకా ఎక్కువ కారుతుంది. ఈ దశలో మెకానిక్ ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు చిన్న సీసాలు తగిలించి, ఏ ఇంజెక్టర్ ఎంత వదులుతోందో చూస్తాడు. మూడు సీసాల్లో వేలెడు, నాలుగోదాంట్లో సగం సీసా ఉంటే జబ్బు ఎక్కడుందో తేలిపోయినట్టే. నీటి లైటు వెలిగిన రోజుకూ ఈ సీసాలు కట్టిన రోజుకూ మధ్య నెలలు గడిచిపోయి ఉంటాయి. అందుకే రెంటికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

అసలు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే రాత్రి చలికి గాల్లోని తేమ చెమ్మపట్టి నీళ్లవుతుంది, కాబట్టి ఎప్పుడూ ఫుల్ ట్యాంకు ఉంచాలి అని అందరూ చెప్పే మాట. దీన్ని ఒకసారి లెక్క కట్టి చూడాలి. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలి ఘనపు మీటరుకు 30 గ్రాముల నీటిని మోస్తుంది, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు. 60 లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీ అనుకున్నా, ఒక రాత్రి పది డిగ్రీలు చల్లబడితే వదిలే నీరు ఒక గ్రాము కూడా కాదు. మర్నాడు అదే గాలి మళ్లీ వేడెక్కుతుంది. ట్యాంకులోకి కొత్తగా వచ్చే గాలి ఏ రోజుకారోజు మూడు నాలుగు శాతమే. కాబట్టి రోజూ తిరిగే కారులో చెమ్మ వల్ల గిన్నె నిండడానికి చాలా కాలం పడుతుంది. నిన్న లేని లైటు ఇవాళ వెలిగిందంటే నేరం చలిది కాదు.

ప్రమాణానికి లోబడిన డీజిల్‌లోనూ కొంత నీరుంటుంది. కిలోకు 200 మిల్లీగ్రాముల వరకు నీరు ఉండొచ్చని బీఎస్-6 ప్రమాణం అనుమతిస్తుంది. 60 లీటర్ల డీజిల్ బరువు దాదాపు 50 కిలోలు, అంటే ఒక ఫుల్ ట్యాంకులో గరిష్ఠంగా 10 గ్రాములు, రెండు టీస్పూన్లు. ఇందులో చాలా భాగం కంటికి కనబడకుండా డీజిల్‌లో కరిగి ఉంటుంది. కరిగిన నీటిని ఏ ఫిల్టరూ పట్టలేదు, ఆ మేరకు దానివల్ల పెద్ద ప్రమాదమూ లేదు. డీజిల్ చల్లబడినప్పుడు కరగలేక బయటపడిన కొంత నీరు మాత్రమే గిన్నెలో చేరుతుంది. బయోడీజిల్ కలిపిన ఇంధనం ఇంకాస్త ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది, పైగా నీటి తుంపరలు కలిసి బొట్లుగా మారడాన్ని కష్టం చేస్తుంది. అయితే ఏ విధంగా చూసినా, మంచి డీజిల్ కొట్టిస్తున్న బండిలో గిన్నె నెమ్మదిగా, కొన్ని నెలల మీద నిండాలి.

ఒక్కసారిగా నిండితే ఆ నీరు బయటిది. బంకు భూగర్భ ట్యాంకు మూత దగ్గర వాననీరు దిగడం, మోకాలి లోతు వరదలో బండి నడపడం, ఫిల్లర్ మూత రబ్బరు చిరిగి ఉండగా ప్రెషర్ వాష్ చేయించడం, ఇవి మామూలు దారులు. పల్లెల్లో ఇంకోటుంది: డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్. వరికోతల సమయంలో హార్వెస్టర్లకూ ట్రాక్టర్లకూ పొలం దగ్గరే 200 లీటర్ల డ్రమ్ము నిలబెట్టి ఉంచుతారు. డ్రమ్ము పైమూతకు చుట్టూ అంచు ఉంటుంది, వాన పడితే మూత మీద నీళ్లు నిలుస్తాయి. పగలు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకున్నప్పుడు బిరడా మర చుట్ల గుండా ఆ నీళ్లు కూడా లోపలికి పోతాయి. మూత బిగించే ఉందిగా అని రైతు అనుకుంటాడు. డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే అడ్డగీత మీద ఉండేలా తిప్పి ఉంచితే ఈ బాధ లేదు, ఎందుకంటే డ్రమ్ము సగానికి పైగా నిండి ఉన్నంతసేపూ లోపలి డీజిల్ బిరడాలను కప్పి ఉంచుతుంది.

మరో దారి బీఎస్-6తో కొత్తగా వచ్చింది. లారీల్లో, చాలా ఎస్‌యూవీల్లో పొగ గొట్టం శుద్ధి కోసం డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం పోస్తారు. అందులో 32.5 శాతం యూరియా, మిగతా 67.5 శాతం నీళ్లే. దాని మూత నీలం రంగులో, చాలా బండ్లలో డీజిల్ మూత పక్కనే ఉంటుంది. తొందరలో దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే వెలిగేది ఈ నీటి లైటే. అప్పుడు ఫిల్టర్ డ్రెయిన్ చేసి సరిపెట్టుకునే పని కాదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా, వీలైతే తాళం కూడా తిప్పకుండా బండిని టో చేయించాలి. తాళం తిప్పితే ట్యాంకులోని పంపు నడుస్తుంది, ద్రావణాన్ని పైపుల్లోకి తోస్తుంది, ఆరిన చోటల్లా యూరియా స్ఫటికాలు మిగులుతాయి.

ఇక లైటు వెలిగినప్పుడు ఏం చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. జులై నెల, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్న డీజిల్ ఎస్‌యూవీ. రెండు రోజులుగా వాన. కోదాడ దాటాక ఒక బంకులో 40 లీటర్లు కొట్టించారు. సూర్యాపేట ఇంకా రాకముందే లైటు వెలిగింది. ఇక్కడ మొదట అడగాల్సిన ప్రశ్న: డీజిల్ కొట్టించి ఎంతసేపైంది? కొట్టించిన పదీ ఇరవై కిలోమీటర్లకే వెలిగితే అనుమానం ఆ డీజిల్ మీదే. కామన్ రైల్ పంపు, ఇంజన్ కాల్చేదానికంటే ఎన్నో రెట్లు డీజిల్‌ను ఫిల్టర్ గుండా తిప్పి, మిగిలింది ట్యాంకుకు తిప్పి పంపుతుంది. కాబట్టి ట్యాంకులో నీళ్లుంటే అవి ఫిల్టర్‌కు చేరడానికి ఎక్కువ సేపు పట్టదు.

బండిని మట్టంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఈ ఆగడం వృథా కాదు. కలిసి తిరుగుతున్న నీళ్లు అడుక్కి దిగేది ఇప్పుడే, వేడి భాగాలు కాస్త చల్లబడేదీ ఇప్పుడే. ఫిల్టర్ అడుగున చేత్తో తిప్పే ప్లాస్టిక్ డ్రెయిన్ కాక్ ఉంటుంది. దాని కింద చిన్న పైపు తగిలించి, పైపు కొసను పారదర్శకమైన సీసాలో పెట్టాలి. కాక్‌ను పూర్తిగా ఊడదీయకుండా ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే చాలు. ఫిల్టర్ మీద చేతి ప్రైమర్ పంపు ఉంటే దాన్ని మెల్లగా నొక్కుతుంటే నీళ్లు కారతాయి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపున్న బండ్లకు పద్ధతి వేరు, ఆ బండి మాన్యువల్‌లో ఉన్నట్టే చేయాలి. సిగరెట్ దగ్గరికి రానీయకూడదన్నది చెప్పక్కర్లేదు గానీ, రోడ్డు పక్కన ఈ పని చేసేటప్పుడు చుట్టూ చేరే జనంలో ఎవరో ఒకరి చేతిలో అది ఉంటుంది.

సీసాలో పడేదాన్ని చూడడమే ఈ పనిలో కీలకం. అడుగున తెల్లగా నీళ్లు, పైన లేత పసుపు డీజిల్, మధ్యలో స్పష్టమైన గీత కనబడితే ఫిల్టర్ తన పని తాను చేసింది. సీసా అంతా ఒకే రంగులో ఉంటే మోసపోకూడదు. అది మొత్తం డీజిల్ కావచ్చు, మొత్తం నీళ్లూ కావచ్చు. వేలి మీద ఒక చుక్క రుద్దితే జిడ్డు తెలుస్తుంది. అనుమానం తీరకపోతే అదే సీసాలో కొద్దిగా మంచినీళ్లు పోయాలి: అవి అడుక్కి దిగి వేరు పొర కడితే సీసాలోది డీజిల్, కలిసిపోతే అది నీళ్లే. పాలవిరుగుడులా మసకగా ఉండి గీత ఏర్పడకపోతే, నీళ్లు డీజిల్‌లో చిలికినట్టు కలిసిపోయాయని అర్థం. ఇది ప్రమాదకరం, ఎందుకంటే అలా కలిసిన నీరు అడుక్కి దిగదు, సెన్సర్‌కు తెలియదు, పొర దాటి పోగలదు. నల్లని జిగురు తరకలు కనబడితే ట్యాంకులో నీళ్లు చాలాకాలంగా ఉన్నాయని, నీళ్లూ డీజిలూ కలిసే చోట బూజు పెరిగిందని లెక్క. ఎక్కువ కాలం కదలని జనరేటర్లలో ఇది తరచు కనబడుతుంది.

మన ఉదాహరణలో మొదటి డ్రెయిన్‌లో 90 మిల్లీలీటర్ల నీళ్లు వచ్చి, ఆ వెనుక శుభ్రమైన డీజిల్ దిగిందనుకుందాం. డీజిల్ రాగానే కాక్‌ను చేత్తో బిగించాలి, పటకారుతో బిగిస్తే ప్లాస్టిక్ మర తెగుతుంది. తర్వాత చేతి పంపు గట్టిపడే దాకా నొక్కాలి. చేతి పంపు లేని బండ్లలో తాళాన్ని స్టార్ట్ చేయకుండా రెండు మూడు సార్లు ఆన్ చేసి ఆపితే ట్యాంకు పంపు లైన్లను నింపుతుంది. ఈ మెట్టు వదిలేస్తే గాలి పట్టి బండి అందుకోదు, సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ పోతుంది. ఇక్కడే ఒక పాత అలవాటు కొంప ముంచుతుంది. గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టించడం పాత ఇంజన్లలో అందరూ చేసిందే. కామన్ రైల్‌లో ఆ నట్టును ముట్టుకోకూడదు. వందల బార్ల మీద చిమ్మే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొనంత కనబడినా అది అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సిన గాయం.

స్టార్ట్ అయ్యాక లైటు ఆరింది. రెండు నిమిషాలు అలాగే ఉంచి కాక్ దగ్గర తడి ఉందేమో చూసి బయలుదేరారు. పన్నెండు కిలోమీటర్లకు లైటు మళ్లీ వెలిగింది. నిర్ణయం తీసుకోవాల్సింది ఇక్కడే. మూడు నెలలకు ఒకసారి వెలిగి, డ్రెయిన్ చేశాక మళ్లీ మూడు నెలలు మాట్లాడని లైటు వేరు, ఇది వేరు. ఇంత తొందరగా గిన్నె నిండిందంటే ట్యాంకులో గ్లాసుల లెక్కన కాదు, లీటర్ల లెక్కన నీళ్లుండొచ్చు. ఒక లీటరు నీళ్లున్నా 100 మిల్లీలీటర్ల గిన్నెను పదిసార్లు నింపగలవు, ఆ పదిసార్లలో ఏదో ఒకసారి ఫిల్టర్ ఓడిపోతుంది. కాబట్టి రెండోసారి డ్రెయిన్ చేసి హైదరాబాద్ చేరదామనే ఆశ మంచిది కాదు. అక్కడే ఆపి, టో చేయించి, ట్యాంకు దించి ఖాళీ చేయించి, లో ప్రెషర్ లైన్లు కడిగించి, ఫిల్టర్ కొత్తది వేయించాలి. దీనికి ఒకరోజు, కొన్ని వేల రూపాయలు పోతాయి. నాలుగు ఇంజెక్టర్లూ పంపూ పోతే లెక్క లక్షల్లోకి వెళ్తుంది. పైగా కల్తీ ఇంధనం, నీటి వల్ల వచ్చిన చెడును కంపెనీల వారంటీ సాధారణంగా భరించదు.

ఇలాంటప్పుడు ఆ సీసాను పారబోయకుండా మూత బిగించి, బంకు బిల్లుతో పాటు దాచాలి. బంకులో అడగదగినదీ ఒకటుంది. భూగర్భ ట్యాంకు డిప్ రాడ్డు కొసకు నీటిని కనిపెట్టే పేస్టు రాసి దించుతారు, అడుగున నీళ్లున్నంత మేర పేస్టు రంగు మారుతుంది. తెలిసినవాళ్లు వానల తర్వాత ఆ పరీక్ష తమ ముందు చేసి చూపించమని అడుగుతారు. ట్యాంకర్ అప్పుడే దించుతుంటే ఆ బంకులో కొట్టించరు, ఎందుకంటే ధార పడే ఉరవడికి అడుగునున్న నీళ్లూ మడ్డీ పైకి లేస్తాయి. ఈ మధ్య పెట్రోలులో ఇథనాల్ వల్ల నీళ్లు వేరుపడుతున్నాయనే ఫిర్యాదులు విని డీజిల్‌కూ అదే కారణం అంటగడుతున్నారు. మన బంకుల్లో డీజిల్‌లో ఇథనాల్ కలపరు, ఆ గొడవ దీనికి లేదు.

డ్రెయిన్ చేస్తే ఒక్క చుక్క నీరు కూడా లేకుండా శుభ్రమైన డీజిల్ వచ్చి, లైటు మాత్రం ఆరకపోతే? సెన్సర్ మొనలకు మడ్డి పట్టి ఉండొచ్చు, ప్లగ్గులో తడి చేరి ఉండొచ్చు, వైరు తొడుగు ఒరిసిపోయి షార్ట్ అవుతుండొచ్చు. ఇంజన్ వాష్ చేయించిన మర్నాడు వెలిగే లైట్లలో కొన్ని ఈ బాపతే. ప్లగ్గు విప్పి ఆరబెట్టి, సెన్సర్ తుడిచి పెడితే తేలిపోతుంది. దీనికి వ్యతిరేక పరిస్థితి ఇంకా చెడ్డది: సెన్సర్ పోయి, నీళ్లున్నా వెలగకపోవడం. ఫిల్టర్ మార్చినప్పుడు సెన్సర్‌ను పాతదాని నుంచి విప్పి కొత్తదానికి బిగించాల్సిన బండ్లు కొన్ని ఉన్నాయి. షెడ్డులో ప్లగ్గు తగిలించడం మరిచిపోతే కొన్ని మోడళ్లలో ఏ హెచ్చరికా రాదు. తాళం తిప్పగానే మిగతా లైట్లతో పాటు ఈ బొమ్మ కూడా వెలుగుతోందో లేదో చూస్తే బల్బు బాగుందని తెలుస్తుంది, సెన్సర్ సంగతి మాత్రం తెలియదు. అందుకని లైటు వెలగకపోయినా, ప్రతి ఇంజన్ ఆయిల్ మార్పిడికీ ఒకసారి డ్రెయిన్ కాక్ వదులు చేసి సీసాలో కాస్త పట్టి చూడమని మెకానిక్‌కు చెప్పడం ఖర్చులేని పని. వానాకాలంలో, డ్రమ్ము డీజిల్ వాడే ట్రాక్టర్లకు, జేసీబీలకు అయితే ఆయిల్ మార్పిడి దాకా ఆగకుండా వారానికోసారి, ఉదయం స్టార్ట్ చేయకముందే చూడాలి. రాత్రంతా కదలకుండా ఉంటుంది కాబట్టి, ఉన్న నీరంతా ఆ వేళకు గిన్నెలోనే ఉంటుంది.